వాపా, బలుపా? ఎన్ని ట్రేడ్లకు తేలుతుంది?

ప్రశ్న: చెన్నైలో షోలింగనల్లూరు దగ్గర ఐటీ కంపెనీలో పనిచేస్తున్నాను. నెలకు చేతికి 70 వేలు వస్తుంది. ఎనిమిది నెలలుగా నిఫ్టీ ఆప్షన్లు కొని అమ్ముతున్నాను. మొత్తం 80 ట్రేడ్లు చేస్తే 46 లాభంలో ముగిశాయి. బ్రోకరేజీ, పన్నులు పోగా 64 వేలు మిగిలింది. ఆఫీసు పనిలో ఉండి మార్కెట్ మీద కన్నేయలేకపోతున్నాను. ఉద్యోగం మానేసి ఇదే పనిగా పెట్టుకుంటే ఎలా ఉంటుంది? నాకు నేర్పు ఉందని చెప్పడానికి 80 ట్రేడ్లు చాలవా?

జవాబు: చాలవు. ఎన్ని అయితే చాలుతాయో, మీ లెక్కలతోనే ఎలా తేల్చుకోవచ్చో చెబుతాను. మీరు ప్రతి ట్రేడుకూ తేదీ, లాభనష్టం రాసిన షీటు పంపడం మంచిదైంది. అది లేకపోతే ఈ జవాబు రాయడం కుదిరేది కాదు.

ముందు ఒక చిక్కు విడదీయాలి. "ఇది జూదం కాదు, నేర్పుతో కూడిన పని" అని మీ ఉత్తరంలో రెండుసార్లు రాశారు. ఆ మాట నిజమే కావచ్చు. మీ ఊళ్లోనే గిండీ గుర్రప్పందాల మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ వేసిన ఆ కేసులో 1996 జనవరిలో తీర్పు వచ్చింది. గుర్రం జాతి, శిక్షణ, ఫామ్, జాకీ సామర్థ్యం బేరీజు వేయడం ఉంది కాబట్టి గుర్రప్పందెంలో నేర్పుదే పైచేయి అని కోర్టు చెప్పింది. అంతకు ముందు 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ గురించి కూడా దాదాపు ఇదే మాట అంది. అయితే కోర్టు చూసింది ఆటలో నేర్పుకు చోటుందా లేదా అన్నదొక్కటే. ఆ నేర్పు ఫలానా ఆటగాడికి ఉందా అన్నది కోర్టు తేల్చలేదు, తేల్చాల్సిన పని కూడా దానికి లేదు. అది ఎవరికి వారు తమ చిట్టాపద్దులు చూసి తేల్చుకోవాల్సిందే.

నాణెం ఎగరేసినా 46 పడతాయి

ఏ తెలివీ వాడకుండా నాణెం ఎగరేసి 80 సార్లు పందెం కాశారనుకోండి. సగటున 40 గెలుస్తారు. కానీ సరిగ్గా 40 రావడం అరుదు. అటూ ఇటూ ఎంత ఊగుతుందో చెప్పే కొలతే స్టాండర్డ్ ఎర్రర్. సగం సగం అవకాశం ఉన్న పందేలకు ఈ లెక్క చాలా తేలిక. పందేల సంఖ్యకు వర్గమూలం తీసి రెండుతో భాగిస్తే సరి. 80కి వర్గమూలం దాదాపు 8.9, అందులో సగం 4.5. అంటే నాణెం ఎగరేసేవాడు 40కి నాలుగైదు ఎక్కువో తక్కువో తేవడం మామూలు విషయం. మీ 46 నలభైకి ఆరు మాత్రమే ఎక్కువ, అంటే ఒకటిన్నర స్టాండర్డ్ ఎర్రర్ల లోపే. ఉత్త నాణెంతో 46 గానీ అంతకంటే ఎక్కువ గానీ రావడానికి నూటికి 11 పాళ్లు అవకాశం ఉంది. మీ టీములో తొమ్మిది మంది నాణేలతో ఈ పని చేస్తే సగటున ఒకరికి మీలాంటి ఫలితమే వస్తుంది.

ఉత్తరం రాసేది కూడా ఆ ఒక్కరే. మిగతా ఎనిమిది మంది ఉద్యోగం మానేయాలా అని ఎవరినీ అడగరు, యాప్ తీసేసి ఊరుకుంటారు. అందుకే గెలిచినవాళ్ల లెక్కలు చూసేటప్పుడు వాళ్లు ఎంత మందిలోంచి వచ్చారో కూడా చూడాలి. సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులు పోగా లక్ష రూపాయలకు మించి లాభం చూసినవాళ్లు ఒక్క శాతమే.

ఈ 93 శాతాన్ని మీ 46 పక్కన పెట్టి చూద్దాం. వంద మందిని తీసుకుని, వారిలో ఏడుగురికి నిజంగానే నేర్పు ఉందనుకుందాం. వాళ్లు నూటికి 55 గెలుస్తారనుకుందాం. మిగతా 93 మందిదీ నాణెం స్థాయే. ఆ 93 మందిలో నూటికి 11 చొప్పున పదిమందికి అదృష్టం కొద్దీ 46 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తాయి. నేర్పున్న ఏడుగురిలో అన్ని వచ్చేది ముగ్గురికే, ఎందుకంటే 55 శాతం గెలిచేవాడికి 80లో సగటున వచ్చేవి 44. అంటే మీలాంటి ఫలితం చేతబట్టుకున్న 13 మందిలో నేర్పరులు ముగ్గురు, గాలివాటంగా కొట్టుకొచ్చినవాళ్లు పదిమంది. మీరు ఏ గుంపువారో 80 ట్రేడ్లు చెప్పలేవు.

రూపాయల్లో చూడాలి

ఎన్ని గెలిచారన్నది నిజానికి సగం కథే. గెలిచినప్పుడు ఎంత వచ్చింది, ఓడినప్పుడు ఎంత పోయింది అన్నది మిగతా సగం. మీ షీటులో గెలిచిన ట్రేడ్ల సగటు లాభం ఏడున్నర వేలు, ఓడిన ట్రేడ్ల సగటు నష్టం ఎనిమిది వేలకు పైన. నష్టం వచ్చినప్పుడు కాస్త ఎక్కువసేపు పట్టుకుని కూర్చుంటున్నారన్నమాట. అన్నీ కలిపితే ట్రేడుకు సగటున 800 మిగులుతోంది.

ఈ 800ను ఎంత నమ్మవచ్చో తెలియాలంటే ట్రేడుకూ ట్రేడుకూ మధ్య హెచ్చుతగ్గులు ఎంతో చూడాలి. స్టాండర్డ్ డీవియేషన్ అంటే అదే. మీ షీటులో అది 9,000. దాన్ని ట్రేడ్ల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే సగటు తాలూకు స్టాండర్డ్ ఎర్రర్ వస్తుంది. 9,000ను 8.9తో భాగిస్తే దాదాపు వెయ్యి. షీటులో లాభనష్టాలు B నిలువు వరుసలో ఉంటే ఈ మూడు సూత్రాలు చాలు:

```
=AVERAGE(B2:B81)
=STDEV.S(B2:B81)
=STDEV.S(B2:B81)/SQRT(COUNT(B2:B81))
```

సగటుకు అటు రెండు, ఇటు రెండు స్టాండర్డ్ ఎర్రర్లు తీసుకుంటే, అసలు నిజం నూటికి 95 పాళ్లు ఆ మధ్యలో ఉంటుందని స్థూలంగా అనుకోవచ్చు. మీ విషయంలో అది ట్రేడుకు 1,200 నష్టం నుంచి 2,800 లాభం వరకు ఉంది. మధ్యలో సున్నా హాయిగా కూర్చుని ఉంది. మీకు నేర్పు లేదని ఈ లెక్క అనడం లేదు. ఉందో లేదో తనకింకా కనబడలేదంటోంది.

మరి ఎన్ని కావాలి?

సగటు కనీసం రెండు స్టాండర్డ్ ఎర్రర్ల మేర సున్నాకు పైన ఉండాలని షరతు పెట్టుకుంటే, కావాల్సిన ట్రేడ్ల సంఖ్య ఒక చిన్న సూత్రంలో వచ్చేస్తుంది:

```
n = (2 × SD ÷ సగటు)²
```

మీ అంకెలు వేస్తే రెండు తొమ్మిదివేలు 18,000, దాన్ని 800తో భాగిస్తే 22.5, దాని వర్గం 506. అంటే ఐదొందల పైచిలుకు ట్రేడ్లు. కానీ ఇదీ తక్కువ అంచనాయే. నిజంగా ట్రేడుకు 800 తెచ్చే నేర్పున్నవాడు కూడా 506 ట్రేడ్లు చేస్తే సగం సార్లు ఈ గీత కిందే ఉండిపోతాడు, ఎందుకంటే అతని సగటు కూడా 800కు అటూ ఇటూ ఊగుతుంది. అలాంటివాడు ఐదింట నాలుగుసార్లయినా పరీక్ష గట్టెక్కాలంటే సూత్రంలో రెండుకు బదులు 2.8 వేయాలి. అప్పుడు దాదాపు వెయ్యి ట్రేడ్లు అవుతాయి. మీ సగటులో సగం అదృష్టానిదే అయ్యుండి, అసలు నేర్పు విలువ 400 మాత్రమే అయితే? నేర్పు విలువ సగమైతే కావాల్సిన ట్రేడ్లు రెట్టింపు కావు, నాలుగింతలవుతాయి. 506 కాస్తా 2,025 అవుతుంది.

ఈ వర్గమే చాలామందిని మోసం చేస్తుంది. 80 చేశాను కదా, ఇంకో 80 చేస్తే తేలిపోతుంది అనుకుంటారు. ట్రేడ్లు నాలుగింతలైతే గానీ స్టాండర్డ్ ఎర్రర్ సగం కాదు.

పందెం రకాన్ని బట్టి కూడా ఈ సంఖ్య మారుతుంది. గిండీలో రూపాయికి రూపాయి ఇచ్చే ఫేవరెట్ గుర్రాల మీదే కాసేవాడికి పందెం సొమ్ములో నూటికి పది మిగిలే నేర్పుందనుకోండి. అతని హెచ్చుతగ్గులు రూపాయికి రూపాయి మేరే ఉంటాయి కాబట్టి 400 పందేలతో రెండు స్టాండర్డ్ ఎర్రర్ల గీత చేరుకోవచ్చు. అదే పది శాతం నేర్పుతో రూపాయికి తొమ్మిది ఇచ్చే గుర్రాల మీద కాసేవాడికి 3,900 పందేలు కావాలి. వారానికి పది కాసినా ఏడున్నరేళ్లు. నేర్పు ఇద్దరికీ సమానమే, రెండోవాడి విషయంలో హెచ్చుతగ్గులు ఎక్కువ. దూరపు స్ట్రైక్ ఆప్షన్లు చౌకగా కొని అప్పుడప్పుడు పదింతలు కొట్టేవారి పరిస్థితి ఈ రెండోవాడిదే. ఒక్క పెద్ద గెలుపు తీసేస్తే లాభం కాస్తా నష్టమైపోతుందంటే వాళ్ల షీటు ఇంకా ఏమీ చెప్పలేదని అర్థం.

80 కాదు, 32

మీ తేదీలు చూస్తే ఇంకో సంగతి బయటపడింది. 80 ట్రేడ్లు 32 రోజుల్లో జరిగాయి. పొద్దున నిఫ్టీ పెరుగుతుందనిపించి ఒక కాల్ కొంటారు, పది గంటలకు ఇంకొకటి, భోజనానికి ముందు మరొకటి. ఆ రోజు నిఫ్టీ పెరిగితే మూడూ గెలుస్తాయి, పడితే మూడూ పోతాయి. కాగితం మీద మూడు ట్రేడ్లు, నిజానికి కాసింది ఒక్క పందెమే. స్టాండర్డ్ ఎర్రర్ లెక్కకు ప్రతి ఫలితం దేనికదిగా రావాలి. ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వస్తే సంఖ్య ఉబ్బుతుంది, ఎర్రర్ ఉన్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది.

దీనికి మందు తేలికే. ఒక రోజులోని ట్రేడ్లన్నీ కూడి ఒక్క అంకెగా రాయండి. మీ 32 రోజులకు అలా చేశాను. రోజుకు సగటు లాభం 2,000, హెచ్చుతగ్గులు 20,000. ట్రేడ్లు దేనికవి స్వతంత్రంగా ఉండి ఉంటే రోజువారీ హెచ్చుతగ్గులు 14 వేల చుట్టూ ఉండాలి. 20 వేలు ఉన్నాయంటే అవి ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని మీ అంకెలే చెబుతున్నాయి. 20,000ను 32 వర్గమూలంతో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ 3,500 పైచిలుకు. అంటే రోజుకు దాదాపు 5,000 నష్టం నుంచి 9,000 లాభం వరకు ఏదైనా నిజం కావచ్చు. రోజుల్లో సూత్రం వేస్తే 400 రోజులు కావాలి. నెలకు నాలుగు రోజులు ట్రేడ్ చేసే మీకు అది ఎనిమిదేళ్ల పైమాట.

ఎనిమిదేళ్లు ఇదే ఆట ఉంటుందా అన్నది ఇంకో సమస్య. 2024 నవంబరులో బ్యాంక్ నిఫ్టీ వీక్లీ కాంట్రాక్టులు ఆగిపోయాయి, నిఫ్టీ లాట్ 25 నుంచి 75కు పెరిగింది. 2025 సెప్టెంబరు నుంచి నిఫ్టీ ఎక్స్‌పైరీ గురువారం నుంచి మంగళవారానికి మారింది. గురువారం మధ్యాహ్నాల మీద సంపాదించిన అనుభవం మంగళవారానికి ఎంతవరకు పనికొస్తుందో మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సిందే. నిబంధన మారిన చోట షీటులో ఒక గీత గీసి, రెండు భాగాల లెక్కా విడివిడిగా చూడండి.

లెక్క ఎక్కడ అబద్ధమాడుతుంది

మీ షీటు ఎనిమిది నెలల కిందట మొదలైంది. ఉత్తరంలో మాత్రం "అంతకు ముందు నేర్చుకునే రోజుల్లో కొంత పోయింది, అది కలపలేదు" అని రాశారు. కలపాలి. గెలుపు మొదలైన రోజు నుంచి లెక్క మొదలుపెడితే ఎవరి సగటైనా బాగానే కనిపిస్తుంది. పద్ధతి నిజంగా మారితే కొత్త లెక్క మొదలుపెట్టవచ్చు గానీ, ఫలితం చూడకముందే ఆ తేదీ రాసి పెట్టుకోవాలి. ఎక్కడ ఆపాలన్నదానికీ ఇదే వర్తిస్తుంది. లాభం బాగున్న రోజున లెక్క ఆపి, "ఇదిగో రెండు స్టాండర్డ్ ఎర్రర్లు దాటాను" అంటే కుదరదు. రోజూ తొంగిచూసేవాడికి ఏదో ఒక రోజు ఆ గీత దాటినట్టు కనిపించే అవకాశం నూటికి ఐదు కంటే చాలా ఎక్కువ.

ఆప్షన్లు అమ్మడానికి మారాలని కూడా అనుకుంటున్నారు, నూటికి 90 సార్లు గెలుస్తారని ఎవరో చెప్పారట. అమ్మేవాళ్ల షీటులో స్టాండర్డ్ ఎర్రర్ చాలా చిన్నగా, ముద్దుగా కనిపిస్తుంది. రోజూ కొంచెం కొంచెం లాభం వస్తుంది, హెచ్చుతగ్గులు తక్కువ. ఒకసారి వచ్చే పెద్ద దెబ్బ ఇంకా షీటులోకి రాకపోవడమే దానికి కారణం. 2024 జూన్ 4న లోక్‌సభ ఎన్నికల ఫలితాల రోజు నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. అంతకు ముందు రోజు వరకు పుట్‌లు అమ్మి నెలల తరబడి గెలిచినవారి లెక్కల్లో ఆ రోజు జాడ ఎక్కడా ఉండదు. షీటులో లేని రోజును ఏ సూత్రమూ లెక్కలోకి తీసుకోలేదు. అమ్మకాల పద్ధతిని తూచాలంటే అలాంటి రోజు ఒకటైనా లోపల ఉండాలి. లేకపోతే ఆ నాటి నష్టం ఎంతయ్యేదో లెక్కగట్టి మీరే ఒక వరుసగా చేర్చి చూడండి.

ఉద్యోగం సంగతి

ఇప్పుడు అసలు ప్రశ్న. నేర్పు ఉందో లేదో తేలడానికి 400 రోజులు కావాలి గానీ, ఉద్యోగం మానాలా అన్నది ఇప్పుడే తేల్చవచ్చు. మీకు అనుకూలంగా ఉన్న చివరి అంకెనే తీసుకుందాం. రోజుకు 9,000 చొప్పున, ఇప్పటిలాగా నెలకు నాలుగు రోజులకు 36 వేలు. మీ జీతంలో దాదాపు సగం.

మానేస్తే నెలకు ఇరవై రోజులూ చేస్తాను కదా అంటారు. ఇప్పటి 32 రోజులు మీకు వీలై, అవకాశం కనిపించి ఎంచుకున్న రోజులు. మిగతా రోజుల్లో కూడా అదే సగటు వస్తుందనడానికి ఆధారం లేదు. వచ్చిందనే అనుకున్నా రోజుకు 2,000 చొప్పున నెలకు 40 వేలు, పీఎఫ్ లేకుండా, కంపెనీ ఇన్సూరెన్సు లేకుండా. అదే లెక్కలో కింది చివర నెలకు లక్ష నష్టం ఉంది. పందెం సొమ్ము పెంచితే లాభం పెరుగుతుందనిపిస్తుంది. సగటుతో పాటు ఊగిసలాట కూడా అంతే పెరుగుతుంది, నమ్మకం మాత్రం రవ్వంత పెరగదు.

ఇదే మాటను తిరగేస్తే మీకు పనికొచ్చే సలహా దొరుకుతుంది. సొమ్ము తగ్గించినా సాక్ష్యం తగ్గదు. సగటు, హెచ్చుతగ్గులు రెండూ ఒకే పాళ్లలో తగ్గుతాయి కాబట్టి ఒక్క లాట్‌తో చేసిన 400 రోజులు, ఐదు లాట్లతో చేసిన 400 రోజులు ఒకే మాట చెబుతాయి. ఆర్డరుకు ఇంత అని తీసుకునే బ్రోకరేజీ మాత్రం చిన్న సొమ్ము మీద కాస్త బరువుగా పడుతుంది, దాన్ని లెక్కలో పెట్టుకోండి. కాబట్టి ఉద్యోగంలోనే ఉండి ఒక్క లాట్‌కు దిగండి. కొనాల్సిన షరతు, బయటపడాల్సిన ధర ముందురోజు రాత్రే రాసుకుని, పొద్దున ఆర్డర్లు పెట్టేసి ఆఫీసుకు వెళ్లగలిగే పద్ధతి ఎంచుకోండి. నెలకు నాలుగు రోజులు కాకుండా పదిహేను రోజులు చేయగలిగితే 400 రోజులు 27 నెలల్లో పూర్తవుతాయి. షరతు కలిసిరాని రోజు ట్రేడ్ చేయకండి, ఆ రోజును లెక్కలోకి తీసుకోకండి.

మధ్యలో ఆపాల్సిన గీత కూడా ఇప్పుడే గీసుకోండి. గెలుపు విషయంలో తొందరపడి తీర్పు ఇవ్వకూడదు గానీ, ఓటమి విషయంలో తొందరగా ఆపడం వల్ల పోయేది తక్కువ. వంద రోజులకు ఒకసారి లెక్క చూసి, సగటు రెండు స్టాండర్డ్ ఎర్రర్ల మేర సున్నాకు కిందకు పోతే అక్కడితో మూసేయండి. పైన ఉంటే సంతోషించి, మిగతా రోజులు పూర్తి చేయండి. 400 రోజుల తర్వాత అసలు సున్నాతో పోల్చకండి. సగటులోంచి రెండు స్టాండర్డ్ ఎర్రర్లు తీసేసి, మిగిలినదాన్ని నెలలో ట్రేడ్ చేసే రోజులతో హెచ్చించి, ఆ మొత్తాన్ని అప్పటి మీ జీతం పక్కన పెట్టి చూడండి. అది జీతాన్ని దాటిన రోజున రాజీనామా గురించి మళ్లీ మాట్లాడుకుందాం.